చిన్న వంటగదికి సింగిల్ డోరా, ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోరా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఉండేది ఇద్దరో ముగ్గురో. వంటగదిలో ఫ్రిజ్‌కి మిగిలింది ఒకే ఒక్క మూల. ఆ మూలలో 190 లీటర్ల సింగిల్ డోర్ పెట్టాలా, 240 లీటర్ల ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్ పెట్టాలా అని తేల్చుకోలేకపోతున్నవాళ్లు అడిగే ప్రశ్నలివి. నాలుగైదు వందల లీటర్ల పెద్ద ఫ్రిజ్‌ల జోలికి పోవడం లేదు.

### అసలు తేడా తలుపుల సంఖ్యలోనే ఉందా?

లేదు. తలుపులు పైకి కనిపించే గుర్తు మాత్రమే. అసలు తేడా లోపల చల్లదనం ఎలా పుడుతుంది, ఎలా పాకుతుంది అన్నదాంట్లో ఉంది.

మామూలు సింగిల్ డోర్‌లో పైన కనిపించే చిన్న ఫ్రీజర్ పెట్టె గోడల్లోనే చల్లబరిచే గొట్టాలు ఉంటాయి. అక్కడ చల్లబడ్డ గాలి బరువెక్కి దానంతటదే కిందికి దిగుతుంది. ఫ్యాన్ ఏమీ ఉండదు. తలుపు తీసినప్పుడల్లా లోపలికొచ్చే తేమ ఆ పెట్టె గోడల మీదే మంచుగా పేరుకుంటుంది. దాన్ని మనమే కరిగించుకోవాలి. దీన్నే డైరెక్ట్ కూల్ అంటారు.

ఫ్రాస్ట్ ఫ్రీలో చల్లబరిచే కాయిల్ కంటికి కనిపించదు. ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ పలక చాటున ఉంటుంది. ఒక ఫ్యాన్ ఆ కాయిల్ మీదుగా గాలిని లాగి, కొంత ఫ్రీజర్‌లోకి, కొంత సన్నటి దారి గుండా కింది గదిలోకి పంపుతుంది. మంచు ఇక్కడా పడుతుంది, కాకపోతే ఆ కాయిల్ మీద పడుతుంది. కొన్ని గంటలకోసారి కంప్రెసర్ ఆగి, కాయిల్ కింద ఉన్న చిన్న హీటర్ వెలుగుతుంది, మంచు కరిగి నీరవుతుంది. ఆ నీరు గొట్టం గుండా వెనక కంప్రెసర్ పైనున్న పళ్లెంలోకి చేరి, ఆ వేడికి ఆవిరైపోతుంది. మనకు తెలియకుండానే జరిగిపోయే పని ఇది.

రెండు తలుపులున్నా డైరెక్ట్ కూల్ పద్ధతిలో పనిచేసే చిన్న మోడళ్లు అక్కడక్కడా ఉంటాయి. కాబట్టి కొనేటప్పుడు తలుపులు లెక్కపెట్టడం కాదు, ఫ్రాస్ట్ ఫ్రీయా కాదా అని అడిగి తెలుసుకోండి.

### డబుల్ డోర్ ఎక్కువ చోటు తీసుకుంటుంది కదా?

ఎక్కువమంది ఈ భయంతోనే సింగిల్ డోర్‌కి మొగ్గుతారు. కొలిచి చూస్తే సంగతి వేరు. 190 లీటర్ల సింగిల్ డోర్ వెడల్పు ఇంచుమించు 53, 54 సెంటీమీటర్లు. 240 లీటర్ల డబుల్ డోర్ వెడల్పు 54 నుంచి 58 మధ్య. లోతులోనూ తేడా రెండు మూడు సెంటీమీటర్లే. అంటే నేల మీద రెండూ ఆక్రమించేది దాదాపు ఒకే చోటు.

పెరిగేది ఎత్తు. సింగిల్ డోర్ 115 నుంచి 130 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. డబుల్ డోర్ 145 నుంచి 160 దాకా వెళుతుంది. ఆ మూలలో ఫ్రిజ్ పైన ఎటూ ఖాళీ గాలే ఉంటే, ఆ పై జాగా ఊరికే వచ్చినట్టే. అదే 135 సెంటీమీటర్ల ఎత్తులో అల్మారా ఉంటే ఇక చర్చే లేదు, సింగిల్ డోరే గతి.

ఇంకో మాట. సింగిల్ డోర్ పైభాగాన్ని చాలామంది అరలా వాడుకుంటారు. మిక్సీయో, డబ్బాలో, మందులో పెడతారు. వంటగది ఇరుకైతే ఈ సౌకర్యం నిజంగా విలువైనదే. డబుల్ డోర్ వస్తే ఆ సామానుకి వేరే చోటు ముందే చూసుకోండి. లేకపోతే అదంతా పోయి వంటగట్టు మీద చేరుతుంది.

### రెండు తలుపులు తెరవడానికి ముందు ఎక్కువ జాగా కావాలా?

అక్కర్లేదు. ఇక్కడ మనం మాట్లాడుకునే డబుల్ డోర్‌లో ఫ్రీజర్ తలుపు పైన, ఫ్రిజ్ తలుపు కింద ఉంటాయి. రెండూ ఫ్రిజ్ వెడల్పు అంతే వెడల్పు. సింగిల్ డోర్ తలుపూ అంతే. కాబట్టి తలుపు తిరగడానికి ఎటు చూసినా 55 సెంటీమీటర్ల చుట్టుపక్కలే కావాలి.

జాగ్రత్తగా చూడాల్సింది తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందన్నది. సగం తిరిగి, అంటే 90 డిగ్రీల దగ్గర, గోడకు తగిలి ఆగిపోతే పాలు పెట్టుకోవడానికి ఇబ్బంది లేదు గానీ, కూరగాయల ట్రే బయటికి రాదు. తలుపు లోపలి అరలు అడ్డం వస్తాయి. ట్రే పూర్తిగా బయటికి లాగాలంటే చాలా మోడళ్లలో తలుపు 90 డిగ్రీలు దాటి తెరుచుకోవాలి. కొనేముందు షాపులో తలుపుని సరిగ్గా సగానికే తెరిచి, ట్రే లాగి చూడండి. రెండు క్షణాల పని.

### చుట్టూ ఎంత ఖాళీ వదలాలి?

ఆ మోడల్ మాన్యువల్‌లో రాసినంత. మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి అందరికీ ఒకే లెక్క లేదు. పక్కల్లోనూ వెనకా కనీసం 5, పైన 10 సెంటీమీటర్లు అనుకుని మొదలుపెట్టి, తర్వాత మాన్యువల్‌తో సరిచూసుకోవచ్చు.

ఈ ఖాళీ ఎందుకంటే, ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి వదలాలి. పాత ఫ్రిజ్‌ల వెనక నల్లటి జాలీలా గొట్టాలు కనిపించేవి కదా, వేడి అక్కణ్నుంచి పోయేది. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో వెనక నున్నగా ఉంటుంది, ఆ గొట్టాలు పక్క గోడల లోపల దాగి ఉంటాయి. అందుకే కొత్త ఫ్రిజ్ పక్కలు ముట్టుకుంటే వేడిగా ఉంటాయి. అది చెడిపోయినట్టు కాదు. కానీ అలాంటిదాన్ని రెండు పక్కలా గోడలకు ఆనించి ఇరికిస్తే వేడి పోయే దారి ఉండదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

### మా మూల కొలతలు చెబితే ఏది పడుతుందో లెక్క వేయగలరా?

ఒక ఉదాహరణ పూర్తిగా వేసి చూద్దాం, మీ కొలతలు పెట్టి మీరూ అలాగే వేసుకోవచ్చు.

మూల వెడల్పు 64 సెంటీమీటర్లు. కుడివైపు నిండు గోడ. ఎడమవైపు వంటగట్టు, దాని లోతు 60. పైన అల్మారా అడుగు నేల నుంచి 160 ఎత్తులో ఉంది. వెనక గోడ నుంచి ఎదుటి గట్టు దాకా 170. మాన్యువల్ అడిగేది పక్కల 5, వెనక 5, పైన 10 అనుకుందాం.

ముందు సింగిల్ డోర్. వెడల్పు 53, లోతు 64, ఎత్తు 118. రెండు పక్కల ఖాళీ కలిపితే 63, మూల 64, కాబట్టి పడుతుంది. ఎత్తు సమస్యే కాదు. వెనక ఖాళీతో కలిపి 69 ముందుకొస్తుంది, ఎదుటి గట్టుకి మధ్య 101 మిగులుతుంది. తలుపు పూర్తిగా తెరిస్తే 53 పోయి 48 మిగులుతుంది.

ఇప్పుడు డబుల్ డోర్. వెడల్పు 56, లోతు 66, ఎత్తు 147. ఎత్తు 157 అవుతుంది, 160 కింద పడుతుంది. లోతు 71 అవుతుంది, ఎదురుగా 99 మిగులుతుంది, తలుపు తెరిస్తే 43. సింగిల్ డోర్‌తో పోలిస్తే నడక దారిలో పోయింది రెండు సెంటీమీటర్లు, తలుపు తెరిచినప్పుడు ఐదు. వెడల్పు దగ్గరే చిక్కు: 56కి 10 కలిపితే 66, మూల 64. అంటే మొత్తం కథ రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగింది. ఇలాంటప్పుడు సింగిల్ డోర్‌కి దిగిపోనక్కర్లేదు. అదే లీటర్లలో కాస్త సన్నగా, కాస్త పొడుగ్గా ఉండే మోడల్ వెతకాలి. వెడల్పు 54, ఎత్తు 150 ఉన్నది దొరికితే రెండు కొలతలూ సరిగ్గా సరిపోతాయి.

సరిగ్గా అన్నాను కాబట్టి టేపు జాగ్రత్తగా పట్టాలి. వెడల్పుని నేల దగ్గర, నడుము ఎత్తులో, పైన మూడు చోట్ల కొలవండి. గోడలు నిటారుగా ఉంటాయని నమ్మకండి. నేల దగ్గర స్కర్టింగ్ టైల్ ఒక సెంటీమీటరు ముందుకొచ్చి ఉంటుంది. ప్లగ్ బోర్డు ఫ్రిజ్ వెనకే ఉంటే ప్లగ్ మందం కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక తలుపు. చాలా ఫ్రిజ్‌లు కుడివైపు బందులతో వస్తాయి. మన మూలలో కుడివైపే నిండు గోడ ఉంది, ఖాళీ ఐదు సెంటీమీటర్లే. తలుపు మందమే అంతకంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి 90 డిగ్రీల దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. బందులు ఎడమకు మార్చే వీలున్న మోడల్ అయితే ఈ బాధ తీరుతుంది. ఎడమవైపు గట్టు 60 దగ్గరే ఆగింది, ఫ్రిజ్ 71 దాకా వచ్చింది. అందులో తలుపు మందం ఆరేడు తీసేసినా బందు గట్టు అంచు దాటి ముందే ఉంటుంది. తలుపు గట్టు ముందు నుంచి హాయిగా తిరుగుతుంది. బందులు మార్చగలమా అన్న ప్రశ్న డబ్బు కట్టకముందే అడగాలి, ఫ్రిజ్ ఇంటికొచ్చాక కాదు.

చివరగా ఫ్రిజ్ ఆ మూల దాకా ఎలా చేరుతుందో చూడండి. అట్టపెట్టెతో కలిపి నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది. వీధి తలుపు, వంటగది తలుపు, మెట్ల మలుపు, లిఫ్ట్ కొలవండి. మెట్ల మలుపు దగ్గర డబుల్ డోర్ ఎత్తు అడ్డం తిరుగుతుంది.

### ముగ్గురికి ఎన్ని లీటర్లు కావాలి?

ఈ ప్రశ్నకి లీటర్ల సంఖ్య ఒక్కటే చూసి జవాబు చెబితే మోసపోతాం. 190 లీటర్ల సింగిల్ డోర్‌లో ఫ్రీజర్‌కి పోయేది దాదాపు 15 లీటర్లే. మిగతా 175 ఫ్రిజ్ గది. 240 లీటర్ల డబుల్ డోర్‌లో ఫ్రీజర్ ఒక్కటే 55 లీటర్ల దాకా ఉంటుంది. మిగిలేది సుమారు 185.

అంటే 50 లీటర్లు పెద్ద ఫ్రిజ్ కొన్నాక, పాలూ పెరుగూ కూరలూ పెట్టుకునే గదిలో పెరిగింది పదే లీటర్లు, ఒక పెద్ద గిన్నె పట్టేంత. మిగతాదంతా ఫ్రీజర్. కాబట్టి "ఉన్న ఫ్రిజ్ చాలట్లేదు, అందుకే డబుల్ డోర్" అనుకునేవాళ్లు ఏ గది చాలట్లేదో ఒకసారి తలుపు తెరిచి చూసుకోవాలి. కింది అరలు కిక్కిరిసి, ఫ్రీజర్‌లో ఐస్ ట్రే తప్ప ఇంకేం లేకపోతే, 240 లీటర్ల డబుల్ డోర్ మీ సమస్య తీర్చదు. కరపత్రంలో మొత్తం లీటర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. ఫ్రీజర్ ఎన్ని, ఫ్రిజ్ ఎన్ని అని విడగొట్టి రాసిన వరుస కింద ఎక్కడో ఉంటుంది, అది వెతకండి. అందులోనూ కొందరు వేసేది స్థూల లీటర్లు, నిజంగా సామాను పట్టే లీటర్లు అంతకంటే తక్కువ.

### సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో ఏం దాచుకోవచ్చు, ఏం దాచుకోకూడదు?

ఫ్రీజర్ తలుపు మీదో, మాన్యువల్‌లోనో చిన్న నక్షత్రాల గుర్తు ఉంటుంది. కరెంటు ఆదా స్టార్లు కావివి, వేరే. ఒక నక్షత్రం అంటే మైనస్ 6 డిగ్రీలు, గడ్డకట్టిన ఆహారం వారం దాకా ఉంటుంది. రెండంటే మైనస్ 12, నెల దాకా. మూడంటే మైనస్ 18, మూడు నెలల దాకా. సింగిల్ డోర్‌లో లోపలి ఫ్రీజర్ పెట్టె మామూలుగా మొదటి రెండింటిలో ఏదో ఒకటి. ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్ ఫ్రీజర్ మైనస్ 18కి చేరుతుంది.

ఐస్ ముక్కలకీ, రెండు మూడు రోజుల్లో వండేసే మాంసానికీ సింగిల్ డోర్ సరిపోతుంది. ఐస్‌క్రీమ్ మాత్రం అందులో గట్టిగా నిలవదు. కాస్త మెత్తబడుతుంది, మళ్లీ బిగుస్తుంది, చివరికి పలుకులు పలుకులుగా అవుతుంది. నెలకు సరిపడా చేపలో మాంసమో తెచ్చి పెట్టుకునే ఇల్లయితే, ఒకేసారి వండి గడ్డకట్టించి వారమంతా తినే ఉద్యోగస్తులైతే, డబుల్ డోర్‌కి పెట్టే డబ్బు ఈ ఒక్క కారణానికే చెల్లుతుంది. నా మటుకు నేను ఎవరడిగినా మొదట అడిగే ప్రశ్న ఇదే: మీ ఫ్రీజర్‌లో ఇప్పుడేముంది? ఐస్ ట్రే, ఎప్పటిదో ఒక పొట్లం అని జవాబొస్తే, సింగిల్ డోర్ తీసుకోమనే చెబుతాను.

### మంచు కరిగించుకోవడం అంత పెద్ద పనా?

పెద్దది కాదు గానీ, మరిచిపోతే పెరిగే పని. మంచు అర సెంటీమీటరు మందం దాటితే ఫ్రిజ్ చల్లబరచడం కష్టమవుతుంది, ఎందుకంటే ఆ మంచు పొరే కాయిల్‌కీ గాలికీ మధ్య దుప్పటిలా అడ్డుపడుతుంది. తేమ ఎక్కువున్న చోట, తలుపు మాటిమాటికీ తీసే ఇంట్లో రెండు వారాలకే ఆ మందం వస్తుంది. లేకపోతే నెల పట్టొచ్చు.

చేయాల్సింది ఇది. ఫ్రీజర్ దాదాపు ఖాళీ అయిన రోజు చూసుకుని, థర్మోస్టాట్ మర మధ్యలో ఉండే బటన్ నొక్కండి. కంప్రెసర్ ఆగుతుంది. ఫ్రీజర్ కింద ట్రే ఉన్న మోడల్ అయితే అది ముందే ఖాళీ చేసి సరిగ్గా తోసి పెట్టండి, కరిగిన నీళ్లు అందులోనే పడతాయి. కొన్నింటిలో నీళ్లు వెనక పళ్లెంలోకి పోతాయి. మంచంతా కరిగాక బటన్ దానంతటదే బయటికొచ్చి ఫ్రిజ్ మళ్లీ మొదలవుతుంది. తొందరగా కావాలంటే ఫ్రీజర్‌లో వేడినీళ్ల గిన్నె కింద గుడ్డ వేసి పెట్టొచ్చు.

కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో మంచు పెళ్లగించొద్దు. ఆ పెట్టె గోడలోనే గ్యాస్ తిరిగే గొట్టాలున్నాయి, గోడ అల్యూమినియం రేకంత పల్చన. చిన్న రంధ్రం పడితే బుస్సుమని గ్యాస్ పోతుంది. అతుకు వేసినా నమ్మకంగా నిలవదు, ఒక్కోసారి ఫ్రీజర్ పెట్టె మొత్తం మార్చాల్సి వస్తుంది. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో వాడే ఆర్ 600ఎ గ్యాస్‌కి మండే గుణం ఉంది. బుస్సుమన్న శబ్దం వినబడితే స్టవ్ ఆపి, కిటికీలు తీయండి. ఏ స్విచ్చూ ముట్టుకోకండి, ఫ్రిజ్ ప్లగ్ కూడా పీకకండి. గాలి ఆడాక మెకానిక్‌ని పిలవండి.

### ఫ్రాస్ట్ ఫ్రీలో కూరగాయలు త్వరగా వడలిపోతాయంటారు, నిజమా?

నిజమే, మూత లేకుండా పెడితే. ఫ్యాన్ తిప్పే గాలి పొడిగా ఉంటుంది, దాంట్లోని తేమంతా కాయిల్ మీద మంచుగా దిగిపోయింది కదా. తెరిచి పెట్టిన ఆకుకూర ఆ గాలికి వాడిపోతుంది, గిన్నెలోని అన్నం పైపొర ఎండుతుంది. కూరగాయల ట్రేకి మూత ఉండేది అందుకే. ఆకుకూరని గుడ్డలోనో డబ్బాలోనో పెట్టి ట్రేలో ఉంచితే ఈ తేడా దాదాపు పోతుంది.

వాసనల సంగతి కూడా చెప్పాలి. ఒకే గాలి రెండు గదుల్లోనూ తిరిగే మోడళ్లలో కింద మూతలేని కూర వాసన పై గదిలోని ఐస్‌కి పడుతుంది.

### కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

తలుపు మీది లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. రెండు మోడళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి తీసివేత చేస్తే చాలు. సింగిల్ డోర్‌ది 160, డబుల్ డోర్‌ది 230 అనుకోండి. తేడా 70 యూనిట్లు, అంటే నెలకి ఆరు. ఆ ఆరు యూనిట్లను మీ రేటుతో గుణించుకుంటే టెన్షన్ పడాలా వద్దా తెలిసిపోతుంది.

స్టార్లు మాత్రం పోల్చొద్దు. స్టార్లు ఆ రకం, ఆ సైజు ఫ్రిజ్‌ల మధ్య పోటీకి ఇచ్చేవి. మూడు స్టార్ల సింగిల్ డోర్ నాలుగు స్టార్ల డబుల్ డోర్ కంటే తక్కువ కరెంటు తాగొచ్చు. యూనిట్ల అంకె ఒక్కటే నమ్మండి. అది పరీక్ష గదిలో కొలిచింది కాబట్టి పొయ్యి పక్కన, ఇరుకు మూలలో వాడకం అంతకంటే ఎక్కువే ఉంటుంది.

### పైన ఐస్ గడ్డకడుతోంది, కింద మాత్రం చల్లబడటం లేదు. గ్యాస్ పోయిందా?

ఫ్రాస్ట్ ఫ్రీ వాడేవాళ్లు ఒక్కటి నేర్చుకోవాలంటే ఇదే నేర్చుకోవాలి, ఎందుకంటే ఈ లక్షణానికి గ్యాస్ నింపించుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. గ్యాస్ పోతే సాధారణంగా పై గది కూడా చల్లదనం తగ్గుతుంది. పైన బిగుసుకుని కింద గోరువెచ్చగా ఉందంటే చల్లదనం పుడుతోంది, కిందికి చేరడం లేదు.

మొదట మీరే చూడగలిగింది చూడండి. కింది గది వెనక గోడలో గాలి వచ్చే సందులుంటాయి. వాటికి ఆనించి పెద్ద గిన్నె పెట్టారా? ఫ్రీజర్‌ని వెనక పలక దాకా పొట్లాలతో కుక్కారా? సర్ది ఒక రోజు చూడండి. చిన్న కుటుంబాల ఇరుకు ఫ్రిజ్‌ల్లో ఎక్కువసార్లు కారణం ఇదే.

సర్దినా మారకపోతే, సామాను తీసేసి ప్లగ్ పీకి, రెండు తలుపులూ తెరిచి పూర్తిగా ఒక రోజు వదిలేయండి. నేల మీద గుడ్డలు వేసుకోండి. మళ్లీ పెట్టాక వారం పది రోజులు బ్రహ్మాండంగా పనిచేసి, తర్వాత మళ్లీ అదే తంతు మొదలైతే జబ్బు తెలిసినట్టే: మంచు కరిగించే ఏర్పాటు పనిచేయడం లేదు. వెనక కాయిల్ మంచుతో మూసుకుపోయి గాలి దారి ఆగిపోతోంది. కాలిపోయింది హీటర్ కావచ్చు, దానికి సంకేతమిచ్చే సెన్సర్ కావచ్చు, ఫ్యూజ్ కావచ్చు, పాత మోడల్ అయితే టైమర్ కావచ్చు. మెకానిక్‌కి ఈ వారం పది రోజుల సంగతి మొత్తం చెప్పండి. అది విన్నాక కూడా సరాసరి గ్యాస్ అనేవాణ్ని కొంచెం అనుమానించండి. ఒకవేళ ఒక రోజు వదిలి పెట్టాక కూడా ఏ మార్పూ లేకపోతే, ఫ్యానో, కింది గదికి గాలి వదిలే చిన్న తలుపో చూడాలి.

సింగిల్ డోర్‌లో ఈ భాగాలేవీ లేవు. చెడిపోవడానికి ఉన్నవే తక్కువ.

### కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తున్నాయి, ఎందుకు?

కరిగిన నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది. ఆకు ముక్కో, ఐసో అడ్డుపడి ఉంటుంది. రంధ్రం కనిపించే మోడల్ అయితే సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్లు పంపండి, వెనక పళ్లెంలోకి నీళ్లు పడిన చప్పుడు వినబడితే తెరుచుకున్నట్టే.

### డబుల్ డోర్ ఎక్కువ శబ్దం చేస్తుందా?

కొంచెం. ఫ్యాన్ హోరు ఉంటుంది. మంచు కరిగేటప్పుడు చుక్కలు హీటర్ మీద పడి చురచురమంటాయి, ప్లాస్టిక్ టక్కుమంటుంది. అవి మామూలే. ఫ్యాన్ గీరుకుంటున్నట్టు కరకరమంటే మాత్రం మంచు రెక్కలకు తగులుతోంది. వంటగది పక్కనే పడుకునేవాళ్లుంటే ఈ సంగతి ముందే ఆలోచించుకోండి.

### ఫ్రీజర్‌ని ఫ్రిజ్‌గా మార్చుకునే మోడల్ తీసుకోవచ్చా?

ఫ్రీజర్ పెద్దగా వాడని, కింది గది చాలని ఇంటికి అది మంచి దారి. బటన్‌తో పై గదిని కూడా ఫ్రిజ్ చేసేస్తే ఆ 55 లీటర్లూ పాలూ పండ్లకి వస్తాయి. ఆ వాడకంలో ఐస్ మాత్రం ఉండదు. మళ్లీ ఫ్రీజర్‌గా మార్చినప్పుడు మైనస్ 18కి చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి రోజూ అటూ ఇటూ మార్చే పనికి పనికిరాదు.

### నడుము నొప్పి ఉన్నవాళ్లకి ఏది మేలు?

రెండూ ఒకటే. డబుల్ డోర్ పొడుగ్గా ఉన్నా పైభాగం ఫ్రీజర్ తినేస్తుంది. రోజూ వాడే అరలు ఛాతీ కిందే మొదలై నేల దగ్గరికి పోతాయి. సింగిల్ డోర్‌లో కింద చల్లదనం లేని ఉల్లిపాయల సొరుగు ఉన్న మోడల్ తీసుకుంటే కూరగాయల ట్రే కాస్త పైకి వస్తుంది. లేదంటే చిన్న స్టాండు వేసుకోవచ్చు, ఎత్తు లెక్కలో దాన్నీ కలుపుకోండి.

### ఫ్రిజ్ ఇంటికొచ్చాక వెంటనే ఆన్ చేయొచ్చా?

నిలబెట్టే తెచ్చారని మీ కళ్లతో చూస్తే, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి పెట్టండి. పడుకోబెట్టి తెచ్చి ఉంటే కంప్రెసర్ ఆయిల్ గొట్టాల్లోకి పోయి ఉంటుంది, కొన్ని గంటలు నిలబెట్టి అది వెనక్కి దిగాకే ప్లగ్ పెట్టాలి. ముందు కాళ్లు తిప్పి, ఫ్రిజ్ కొద్దిగా వెనక్కి ఒరిగేలా సర్దండి, తలుపు దానంతటదే మూసుకుంటుంది. రబ్బరు బిగుతు చూడటానికి కాగితం తలుపులో పెట్టి మూసి లాగండి. ఊరికే జారిపోతే అక్కడ సందు ఉంది. నాలుగు వైపులా ఇలాగే చూడండి.

మొదటి రాత్రి గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో పెట్టండి. పొద్దున తలుపు తీయగానే 4, 5 డిగ్రీలు చూపిస్తే మర సరైన చోటే ఉంది. ఎక్కువ చూపిస్తే ఒక గీత పెంచి మర్నాడు మళ్లీ చూడండి. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు, దాని అంకెలు 35 దగ్గర మొదలవుతాయి.